‘అట’ ఎక్కడుందో చూడు: ప్యాసేజ్‌లో నిజమెంత, రచయిత ఉద్దేశమెంత

గేట్ పేపర్‌లో జనరల్ ఆప్టిట్యూడ్‌కి 15 మార్కులు. అందులో ఒక చిన్న పేరా ఇచ్చి, దీని నుంచి ఏది ఇన్ఫర్ చేయవచ్చు అని అడిగే ప్రశ్న తరచూ కనిపిస్తుంది. క్యాట్‌లోనూ, ప్లేస్‌మెంట్ టెస్టుల వెర్బల్ సెక్షన్‌లోనూ దానికి తోడు ఇంకో రకం ఉంటుంది: రచయిత వైఖరి ఏమిటి, టోన్ ఏమిటి. రెండింట్లోనూ తప్పు ఆప్షన్ పెడితే మైనస్ మార్కులు. గేట్‌లో రెండు మార్కుల మల్టిపుల్ చాయిస్ ప్రశ్న తప్పితే మూడింట రెండు వంతుల మార్కు పోతుంది. క్యాట్‌లో ఒప్పుకి మూడు, తప్పుకి మైనస్ ఒకటి.

మన క్లాసులో చాలామందికి ఈ ప్రశ్నలంటే ఇంగ్లీష్ సమస్య అనిపిస్తుంది. పదాలు తెలిస్తే చాలు అనుకుంటారు. నేను ఒకటో తరగతి నుంచీ ఇంగ్లీష్ మీడియమే. అయినా నాకు తోచేది ఏమిటంటే, ఇది పదాల సమస్య కంటే వాక్యంలో ఎవరి మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టుకునే సమస్య. ఆ పని మన చెవికి తెలుగులో ముందే వచ్చు. “వాడికి జాబ్ వచ్చింది”, “వాడికి జాబ్ వచ్చిందట”: ఈ రెంటికీ తేడా ఎవరూ మనకు నేర్పలేదు. రెండో వాక్యంలో చెప్పే మనిషి పక్కకు తప్పుకున్నాడు. నేను చూడలేదు, ఎవరో అన్నారు, నిజమైతే వాళ్ల పుణ్యం అన్నట్టు. ఒక్క ‘అట’ అంత పని చేసింది.

అందుకే ఈ వ్యాసంలో తెలుగు ప్యాసేజ్ తీసుకుంటున్నాను. ప్రాక్టీస్ కోసం నేనే రాశాను. మన ఊరి విషయమే. అంకెలూ తేదీలూ నిజమైనవి, అభిప్రాయం మాత్రం నేను కల్పించిన ఒక రచయితది. వాక్యాలకు నంబర్లు వేశాను.

ప్యాసేజ్

1. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 కొత్త పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపింది. వాటిలో మన జహీరాబాద్ ఒకటి.

2. 3,245 ఎకరాల్లో, 2,361 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో ఈ నగరం వస్తుందని, దానితోపాటే ఉద్యోగాలూ వస్తాయని ప్రభుత్వం చెబుతోంది.

3. ఒకే చేనులో జొన్న, కంది లాంటి పలు పంటలు కలిపి పండించే ఆడవాళ్లు జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కింద పనిచేసే వాళ్ల సంఘాలకు 2019లో ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

4. బహుమతులు గోడ మీద భద్రంగానే ఉంటాయి.

5. పరిశ్రమ వస్తే ఊళ్లో పిల్లలకు పని దొరుకుతుందన్న ఆశలో తప్పు లేదు.

6. కాకపోతే, ఉద్యోగాలను లెక్కగట్టిన శ్రద్ధతోనే, చేను పోయిన మనిషికి వాటిలో ఏది దక్కుతుందో కూడా లెక్కగడితే బాగుండేది.

మొదటి పని: ప్రతి వాక్యానికీ ఓనర్‌ని వెతకడం

ప్రశ్నలు చూడకముందే ప్రతి వాక్యం పక్కన పెన్సిల్‌తో మూడింట్లో ఒక గుర్తు పెట్టండి. ‘ని’ అంటే నిజం: రికార్డు చూసి సరిచూసుకోగలిగేది. ‘మా’ అంటే ఇంకొకరి మాట: ప్రభుత్వం అన్నది, రైతు అన్నది, ఎవరో అన్నది. ‘ఉ’ అంటే రచయిత ఉద్దేశం.

ఒకటో వాక్యం ‘ని’. తేదీ ఉంది, సంఖ్య ఉంది, ఎవరైనా సరిచూడొచ్చు. రెండోది అందరూ ‘ని’ అనే వేస్తారు, ఎందుకంటే అందులో అంకెలు కనిపిస్తాయి. అంకె కనిపించగానే నిజం అనేసుకోవడం మన ఇంజనీరింగ్ వాళ్ల బలహీనత. కానీ ఆ వాక్యం చివరి రెండు పదాలు చూడండి: “ప్రభుత్వం చెబుతోంది”. కాబట్టి ఇది ‘మా’. ఇందులో నిజంగా నిలబడేది ఒక్కటే: ప్రభుత్వం అలా చెప్పింది. ఉద్యోగాలు వస్తాయా రావా అన్నది ఈ ప్యాసేజ్ చెప్పలేదు. “ప్యాసేజ్ ప్రకారం ఈ నగరం వల్ల ఉద్యోగాలు వస్తాయి” అని ఆప్షన్ ఇస్తే అది తప్పు. “ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం అంటోంది” అని ఇస్తే ఒప్పు. నాలుగు ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

మూడోది ‘ని’. నాలుగోది వేషం మార్చుకున్న ‘ఉ’. ఐదు, ఆరు బాహాటంగా ‘ఉ’.

చెప్పే క్రియనీ ఒకసారి గమనించండి. అదే సంగతిని రచయిత మూడు రకాలుగా రాయగలడు. “ఉద్యోగాలు వస్తాయని ప్రభుత్వం చెబుతోంది” అంటే మోసేవాడు మాత్రమే, తన బరువు వేయలేదు. “ఉద్యోగాలు వస్తాయట” అంటే పక్కకు తప్పుకున్నాడు, కొంచెం సందేహం ఉంది. “ఉద్యోగాలు వస్తాయంటూ ఊదరగొడుతోంది” అంటే తిట్టాడు. మూడింట్లోనూ నిజం ఒకటే, వైఖరి మూడు.

ఇంగ్లీష్‌లో ‘అట’ లేదు. అక్కడ ఆ పని క్రియలు చేస్తాయి. ‘సేస్’ అంటే తటస్థం. ‘క్లెయిమ్స్’ అంటే రచయిత ఆ మాటకు పూచీ పడట్లేదు. ‘పాయింట్స్ అవుట్’ అంటే ఆ మాట నిజమేనని రచయిత కూడా ఒప్పుకున్నాడు. ‘అడ్మిట్స్’ అంటే ఆ మనిషి ఒప్పుకోవడానికి ఇష్టపడని విషయం ఒప్పుకున్నాడని రచయిత అంటున్నాడు. ఇంగ్లీష్ ప్యాసేజ్ చదివేటప్పుడు ఈ క్రియ దగ్గర ఒక్క క్షణం ఆగి, దీన్ని తెలుగులో చెబితే ‘అట’ పెడతానా, పెట్టనా అని అడిగితే చాలు.

ఇన్ఫరెన్స్: అబద్ధం అనుకుని చూడటం

ఇప్పుడు ప్రశ్న. కింది వాటిలో ప్యాసేజ్ నుంచి తప్పనిసరిగా తేలేది ఏది?

అ) ఈ నగరం వల్ల చుట్టుపక్కల రైతులు నష్టపోతారు.
ఆ) జహీరాబాద్‌తోపాటు మరో 11 చోట్ల పారిశ్రామిక నగరాలకు అదే రోజు ఆమోదం దొరికింది.
ఇ) 2019 తర్వాత ఇక్కడి మహిళా సంఘాలకు మరే బహుమతీ రాలేదు.
ఈ) భూమి పోయినవాళ్లకు ఇచ్చే పరిహారం సరిపోదు.

డిస్క్రీట్ మ్యాథ్స్‌లో చదివిందే ఇక్కడ పనికొస్తుంది. ప్యాసేజ్‌ని `P` అనుకుందాం, ఆప్షన్‌ని `Q`. `P → Q` నిలబడాలంటే `P` నిజమై `Q` అబద్ధమయ్యే పరిస్థితి ఒక్కటి కూడా ఉండకూడదు. కాబట్టి ఆప్షన్ నిజమా అని ఆలోచించొద్దు. ఆప్షన్ అబద్ధం అనుకోండి. అప్పుడు ప్యాసేజ్‌లో ఏ వాక్యమైనా కూలిపోతుందా చూడండి.

‘అ’ అబద్ధం అనుకుందాం. ఒక్క రైతు కూడా నష్టపోలేదు, అందరికీ మంచి ఉద్యోగాలు వచ్చాయి. ప్యాసేజ్‌లో ఏ వాక్యం అబద్ధమైంది? ఏదీ కాలేదు. ఆరో వాక్యం లెక్కగడితే బాగుండేది అంది గాని, నష్టం జరుగుతుంది అనలేదు. రచయిత దిగులు పడ్డాడు కాబట్టి నష్టం ఖాయం అనుకోవడం మనం వేసిన గెంతు. ‘అ’ పోయింది.

‘ఇ’ అబద్ధం అనుకుందాం. 2021లో ఇంకో బహుమతి వచ్చిందనుకోండి. 2019లో వచ్చిందన్న మాటకు ఏ ఇబ్బందీ లేదు. ప్యాసేజ్ మౌనంగా ఉన్న చోట లేదు అని చదవడం ఇక్కడి ఉచ్చు. చెప్పలేదు అంటే జరగలేదు అని కాదు.

‘ఈ’ దగ్గర మనవాళ్లు ఎక్కువగా పడతారు. పరిహారం గురించి మనకు ఇంట్లో, బస్టాండ్‌లో, చాయ్ హోటల్లో వినిపించిన మాటలు చాలా ఉంటాయి. ఆ మాటలు నిజం కావచ్చు, కాకపోవచ్చు. ప్యాసేజ్‌లో పరిహారం అన్న పదమే లేదు. బయటి నుంచి తెచ్చిన నిజం కూడా ఇక్కడ తప్పు జవాబే.

‘ఆ’ అబద్ధం అనుకుందాం. మరో 11 చోట్ల ఆమోదం దొరకలేదు. అప్పుడు మొత్తం 12, వాటిలో జహీరాబాద్ ఒకటి అన్న మొదటి వాక్యం కూలిపోతుంది. కాబట్టి జవాబు ‘ఆ’. పన్నెండులోంచి ఒకటి తీసేస్తే పదకొండు, ఇదేం ఇన్ఫరెన్స్ అనిపిస్తుంది. సరిగ్గా అలా అనిపించడం వల్లే చాలామంది దాన్ని వదిలేసి లోతుగా కనిపించే ‘అ’ పెడతారు. కచ్చితంగా తేలేది అడిగే ప్రశ్నలో ఒప్పు ఆప్షన్ చాలాసార్లు చప్పగానే ఉంటుంది. ఆసక్తిగా ఉన్న ఆప్షన్‌ని మొదట అనుమానించాలి.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ పరీక్ష లాజికల్‌గా ఏది తేలుతుంది అని అడిగే ప్రశ్నకు పూర్తిగా పనిచేస్తుంది. “రచయిత దేనితో ఏకీభవించే అవకాశం ఎక్కువ”, “ప్యాసేజ్ ఏం సూచిస్తోంది” అని అడిగితే అంత గట్టి రుజువు దొరకదు. అక్కడ నాలుగింట్లో ప్యాసేజ్ దన్ను ఎక్కువగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. ప్రశ్నలోని క్రియ చదవకుండా ఆప్షన్లలోకి దూకితే రెండు ప్రశ్నలూ ఒకేలా కనిపిస్తాయి.

చెప్పని మాట క్రియ చివర ఉంటుంది

ఆరో వాక్యాన్ని మళ్లీ చదవండి. “లెక్కగడితే బాగుండేది.” దీని బదులు “లెక్కగడితే బాగుంటుంది” అని రాస్తే? బాగుంటుంది అంటే ఇంకా సమయం ఉంది, చేయండి అని సలహా. బాగుండేది అంటే చేయాల్సిన సమయంలో చేయలేదు అని. లెక్క జరగలేదన్న మాట ఎక్కడా రాయలేదు. కానీ ఆ ‘ఉండేది’ లోపల అది కూర్చుని ఉంది.

ఇప్పుడు రెండు ఆప్షన్లు ఇస్తాను. ఒకటి: “భూమి పోయినవాళ్లకు దక్కే ఉద్యోగాల లెక్క ప్రభుత్వం తీయలేదు.” రెండు: “ఆ లెక్క తీయలేదని రచయిత భావిస్తున్నాడు.” రెండోదే ఒప్పు. మొదటిది లోకం గురించిన మాట, రెండోది రచయిత మనసు గురించిన మాట. ప్యాసేజ్ మనకు హామీ ఇవ్వగలిగేది రెండోదానికే. ప్రభుత్వం దగ్గర ఆ లెక్క ఉండి, ఈ రచయితకు తెలియకపోయి ఉండొచ్చు కదా. చెప్పిన నిజానికీ, చెప్పకుండా సూచించిన అభిప్రాయానికీ మధ్య గీత సరిగ్గా ఇక్కడ పడుతుంది. సూచించిన మాట ఎంత బలంగా వినిపించినా, దాని ముందు “రచయిత దృష్టిలో” అని చేర్చుకుని చదవాలి.

వైఖరి: పదం తీసేసి చూడటం

వైఖరి పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటే. అనుమానం ఉన్న పదాన్నో, ప్రత్యయాన్నో తీసేయాలి. సమాచారం అలాగే ఉండి రుచి మాత్రం మారితే, వైఖరి ఆ పదంలో ఉంది.

నాలుగో వాక్యంలో ‘భద్రంగానే’ నుంచి ఆ చివరి ‘ఏ’ తీసేయండి. “బహుమతులు గోడ మీద భద్రంగా ఉంటాయి.” ఇది ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించే మాట. ‘భద్రంగానే’ అనగానే, మరి భద్రంగా లేనిది ఏమిటి అన్న ప్రశ్న పుడుతుంది. జవాబు రాయలేదు. కానీ ముందు వాక్యంలో చేలు ఉన్నాయి, తర్వాత ఆరో వాక్యంలో చేను పోయిన మనిషి ఉన్నాడు. ఆ ‘ఏ’ చేయి ఎటు చూపిస్తోందో తెలిసిపోతుంది.

మొదటి వాక్యంలో ‘మన’ తీసేయండి. జహీరాబాద్ పన్నెండులో ఒకటి అన్న నిజం మారలేదు, దగ్గరితనం పోయింది. నిజం చెప్పే వాక్యంలో కూడా ఒక్క పదం వైఖరిని మోయగలదు. మూడో వాక్యంలో ‘కూడా’ తీసేయండి. బహుమతి వచ్చింది, సంవత్సరం మారలేదు, రచయితకు ఉన్న మెప్పు తగ్గింది. ఇంగ్లీష్‌లో ‘మియర్లీ’, ‘ఈవెన్’, ‘సో కాల్డ్’, ‘ఎట్ లాస్ట్’ లాంటివి ఇదే పని చేస్తాయి. అన్నీ తీసేయగలిగినవే.

ఈ పద్ధతి పదాలను పడుతుంది గాని, వాక్యాల వరసను పట్టదు. ఐదు, ఆరు వాక్యాలను తారుమారు చేసి చూద్దాం. “చేను పోయిన మనిషికి ఏది దక్కుతుందో కూడా లెక్కగడితే బాగుండేది. కాకపోతే, పరిశ్రమ వస్తే ఊళ్లో పిల్లలకు పని దొరుకుతుందన్న ఆశలో తప్పు లేదు.” దాదాపు అవే మాటలు. కానీ ఇప్పుడు రచయిత ఆశ వైపు మొగ్గాడు. ‘కానీ’, ‘కాకపోతే’, ‘అయినా’ తర్వాత వచ్చే సగమే సాధారణంగా రచయిత నిలబడే చోటు. ముందు సగం ఎదుటివాళ్లకు ఇచ్చిన మర్యాద.

మా హాస్టల్‌లో ఈ ప్యాసేజ్ ఇద్దరికి చూపించాను. న్యాల్‌కల్ వైపు ఊరి నుంచి వచ్చినతను చదివి, “ఇది నగరం వద్దనే వ్యాసం భాయ్, సాఫ్‌గా తెలుస్తుంది” అన్నాడు. వాళ్లకు పొలం ఉంది. ఇంకొకతను, వాళ్ల అన్న ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, “ఏం కాదురా, ఆశలో తప్పు లేదు అని రాసిండు కదా, సపోర్టే” అన్నాడు. ఒకతను ఆరో వాక్యం చదివాడు, ఇంకొకతను ఐదో వాక్యం చదివాడు. ఇద్దరూ ప్యాసేజ్‌లో తమ ఇంటిని వెతుక్కున్నారు. ఇద్దరిదీ న్యాయమైన పట్టింపే, కానీ అడిగింది వాళ్ల వైఖరి కాదు, రచయిత వైఖరి.

ఆప్షన్లు ఇలా ఉన్నాయనుకుందాం: తీవ్ర వ్యతిరేకత, పూర్తి సమర్థన, ఉదాసీనత, ఆశను ఒప్పుకుంటూనే వ్యక్తం చేసిన ఆందోళన. రెండు విషయాలు విడివిడిగా చూడాలి. మొదటిది దిక్కు: మెచ్చుకుంటున్నాడా, తప్పు పడుతున్నాడా. ‘కాకపోతే’ తర్వాత ఉన్నది ఫిర్యాదు కాబట్టి దిక్కు అటు. రెండోది మోతాదు: ఎంత గట్టిగా. ‘బాగుండేది’ మెత్తని మాట. ‘అన్యాయం’, ‘దోపిడీ’ లాంటి పదం ఒక్కటీ లేదు. పైగా ఐదో వాక్యం ఆశను కొట్టేయలేదు. కాబట్టి ‘తీవ్ర’ అన్న పదంతోనే మొదటి ఆప్షన్ పోయింది. దిక్కు సరిగ్గా ఉండి మోతాదు తప్పిన ఆప్షన్ ప్రతి సెట్‌లో ఒకటి పెడతారు, జాగ్రత్త.

ఉదాసీనత ఎందుకు కాదు? పట్టించుకోనివాడు ఉదాసీనుడు. ఈ రచయిత రెండు వైపులా పట్టించుకున్నాడు. ఇంగ్లీష్‌లో ‘ఇన్‌డిఫరెంట్’, ‘యాంబివలెంట్’ మధ్య తేడా ఇదే: మొదటివాడికి ఏ భావమూ లేదు, రెండోవాడికి రెండు భావాలున్నాయి. అలాగే ‘స్కెప్టికల్’ మనిషి ఇది జరుగుతుందా అని సందేహిస్తాడు, ‘సినికల్’ మనిషి వీళ్ల ఉద్దేశమే మంచిది కాదు అంటాడు. మన ప్యాసేజ్‌లో ఎవరి ఉద్దేశాన్నీ శంకించలేదు. జవాబు నాలుగోదే: ఆశను ఒప్పుకుంటూనే వ్యక్తం చేసిన ఆందోళన.

చివరగా, పేపర్ బయట

ఈ మూడు గుర్తులూ పరీక్షలకే కాదు. మన ప్రాంతం భూముల మీద రేపు ఇంకో వార్త వాట్సాప్‌లో వస్తుంది. అందులో రెండు ‘ని’, మూడు ‘మా’, ఒక ‘ఉ’ కలిసి ఉంటాయి. ఊళ్లో ఎవరైనా పెద్దాయన ఫోన్ చేతికిచ్చి “ఏమి రాసిండ్రు బిడ్డా, చదువు” అంటే, ‘మా’ని ‘ని’గా చదివి వినిపించకండి. “ఇంతవరకు ఆర్డర్ వచ్చింది తాతా, ఇది వాళ్లు అంటున్నదంట, ఇది రాసినాయన అనుకుంటున్నది” అని మూడు ముక్కలుగా చెప్పండి. భూమి గురించి నిర్ణయం తీసుకునేది ఆయన. ఏది ఆర్డరో, ఏది మాటో ఆయనకు విడివిడిగా తెలియాలి.